జిమ్ డైట్, ఐబీఎస్: తగ్గించాల్సింది ప్రొటీన్ కాదు, దాని వెంట వచ్చేవి

ప్రశ్న: వయసు 28, బరువు 72 కిలోలు. గ్యాస్ట్రో డాక్టర్ ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అన్నారు, లో ఫాడ్‌మ్యాప్ డైట్ చేయమన్నారు. జిమ్‌లో ట్రైనర్ ఇచ్చిన ప్లాన్ ప్రకారం రోజుకు 160 గ్రాముల ప్రొటీన్ తింటున్నాను: పాలల్లో కలిపి రెండు స్కూపుల వే ప్రొటీన్, కప్పు ఉడికించిన శనగలు, మీల్ మేకర్, ఆరు గుడ్ల తెల్లసొన, చికెన్ కూర, సాయంత్రం ప్రొటీన్ బార్. సాయంత్రానికి పొట్ట డ్రమ్ములా ఉబ్బుతోంది, రోజూ రెండు మూడుసార్లు లూజ్ మోషన్. ప్రొటీన్ తగ్గిస్తే కండ పోతుందని భయం. ఏం మార్చాలి?

జవాబు: మీ జాబితాలో గుడ్డు తెల్లసొన, చికెన్ ముక్క తప్ప మిగతా ప్రతిదానిలోనూ ప్రొటీన్‌తో పాటు పులిసే పిండిపదార్థం కూడా ఉంది. ఇబ్బంది అక్కడ మొదలవుతోంది. ఫాడ్‌మ్యాప్ అంటే చిన్నపేగులో సరిగా ఇంకని పొట్టి గొలుసుల చక్కెరలు: పాలలోని లాక్టోజ్, గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు, పప్పుధాన్యాల్లోని జీఓఎస్, కొన్ని పండ్లలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్, షుగర్‌ఫ్రీ సరుకుల్లో వేసే పాలియాల్స్. ఇవి పేగులోకి నీళ్ళు లాగుతాయి, పెద్దపేగుకి చేరాక బ్యాక్టీరియా వీటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఎవరికైనా జరిగేది ఇదే. ఐబీఎస్ ఉన్నవాళ్ళకి పేగు సాగినప్పుడు తెలిసే నొప్పి ఎక్కువ, తేడా అంతే. మాంసం, చేప, గుడ్డుకి ఈ పట్టికలో చోటే లేదు. కాబట్టి ప్రొటీన్ సగానికి తగ్గించాల్సిన పనిలేదు, అది ఏ సరుకులో నుంచి వస్తుందో మార్చాలి.

లెక్క మాత్రం ఒకసారి సరిచేసుకోండి. బరువులెత్తేవాళ్ళకి కిలోకి 1.6 గ్రాముల దగ్గరకు వచ్చేసరికి కండకి దక్కే లాభం దాదాపు ఆగిపోతుంది. 72 కిలోలకి అది 115 గ్రాములు. 160కీ 115కీ మధ్య ఉన్న 45 గ్రాములు మీ ప్లాన్‌లో దాదాపు బార్, మీల్ మేకర్ నుంచే వస్తున్నాయి. అంటే కండకి పెద్దగా పనికిరాని భాగమే కడుపుని ఎక్కువ బాధపెడుతోంది. 115 నుంచి 125 మధ్య పెట్టుకోండి, అది భయపడాల్సిన అంకె కాదు.

ఇక ఒక్కో సరుకూ చూద్దాం. ముందు షేక్. పావు లీటరు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. వే కాన్సంట్రేట్ స్కూపులో బ్రాండుని బట్టి మరో గ్రామున్నర, రెండు గ్రాములు. రోజుకి రెండు షేకులంటే 28 గ్రాముల దాకా లాక్టోజ్, అదీ ఖాళీ కడుపున, గటగటా తాగేది. మన దగ్గర పెద్దయ్యాక లాక్టోజ్ అరగనివాళ్ళు చాలామంది, వాళ్ళకి ఈ ఒక్కటి చాలు లూజ్ మోషన్‌కి. గమనించండి, ఇందులో పెద్ద వాటా పౌడర్‌ది కాదు, పాలది. అందుకని పౌడర్ మార్చి పాలు అలాగే ఉంచితే ఏమీ మారదు. లాక్టోజ్ దాదాపు తీసేసిన వే ఐసోలేట్ కొనండి, నీళ్ళల్లోనో లాక్టోజ్‌ఫ్రీ పాలల్లోనో కలపండి. లేబుల్ మీద పదార్థాల వరుసలో మొదట ఐసోలేట్ అని ఉండాలి. డబ్బా ముందువైపు పెద్దక్షరాలతో ఐసోలేట్ అని వేసి, వెనకవైపు కాన్సంట్రేట్, ఐసోలేట్ కలిపిన బ్లెండ్ ఉండే డబ్బాలు బోలెడు. కార్బోహైడ్రేట్ స్కూపుకి ఒక గ్రాము దరిదాపుల్లో ఉంటే మంచిదే. ఐదారు గ్రాములుంటే అందులో ఇంకేదో ఉన్నట్టు. కొన్ని డబ్బాల్లో అరుగుదలకి మంచిదని ఇనులిన్ కలుపుతారు, అది ఫ్రక్టానే, మీకు పనికిరాదు. సుక్రలోజ్, స్టీవియా ఫాడ్‌మ్యాప్‌లు కావు, వాటి గురించి ఇప్పుడు బెంగ వద్దు.

షేకర్‌ని బాగా ఊపి ఆ నురగతో సహా తాగేయడం వల్ల కూడా చాలా గాలి కడుపులోకి వెళ్తుంది. కలిపాక ఐదు నిమిషాలు పక్కన పెట్టి, నురగ దిగాక నెమ్మదిగా తాగండి.

ప్రొటీన్ బార్‌ని మొదటివారమే పూర్తిగా ఆపేయండి. మీరు తినేవాటిలో అన్నిటికంటే మోసం చేసేది అదే. చక్కెర లేకుండా తియ్యగా ఉండాలి కాబట్టి మాల్టిటాల్‌లాంటి పాలియాల్ వేస్తారు, ఫైబర్ అంకె పెంచడానికి చికోరీ వేరు పీచో, ఎఫ్‌ఓఎస్ అనే పొట్టి ఫ్రక్టానో వేస్తారు, పైగా జీడిపప్పు, ఖర్జూరం వేస్తారు. ఇవన్నీ నలభై, యాభై గ్రాముల ముక్కలో. మన దేశంలో లేబుల్ మీద పాలియాల్స్ పేరుతో కాకుండా అంకెతో కనిపించవచ్చు: ఐఎన్ఎస్ 420 సార్బిటాల్, 421 మానిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్. ఈ అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో కూడా ఇవే ఉంటాయి, జిమ్‌లో గమ్ నమిలే అలవాటుంటే అదీ లెక్కలోకి తీసుకోండి.

మీల్ మేకర్, శనగలు, రాజ్మా, బొబ్బర్లు, కంది. ఇక్కడ జీఓఎస్ ఉంది. ఒక కప్పు శనగలు ఒకేసారి తింటే ఐబీఎస్ లేనివాళ్ళకి కూడా పొట్ట ఉబ్బవచ్చు. మొదటి దశలో, అంటే మొదటి నాలుగు వారాలు, మీల్ మేకర్, శనగలు, రాజ్మా వద్దు. సోయాలోనే గట్టి టోఫు బాగానే పడుతుంది, ఎందుకంటే టోఫు చేసేటప్పుడు నీళ్ళు వార్చి పిండేస్తారు, జీఓఎస్ ఆ నీళ్ళతో పోతుంది. మెత్తగా, పెరుగులా ఉండే సిల్కెన్ టోఫులో ఆ నీళ్ళు అలాగే ఉంటాయి, అది వద్దు.

ఈ నీళ్ళ సంగతి మన వంటకి చాలా ముఖ్యం, కాబట్టి కాస్త ఆగి చెప్తాను. జీఓఎస్, ఫ్రక్టాన్లు రెండూ నీళ్ళల్లో కరుగుతాయి, నూనెలో కరగవు. శనగల్ని రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించి, అవీ వార్చేస్తే జీఓఎస్‌లో కొంత భాగం పోతుంది. కానీ మనం పప్పుని అలా వండం. కుక్కర్లో సరిపడా నీళ్ళు పోసి, ఉడికాక అదే నీళ్ళతో ఎనుపుతాం. కందికట్టు వేరు చేస్తే దాన్ని చారులో పోస్తాం. అంటే పోవాల్సినదంతా గిన్నెలోనే ఉంటుంది. అందుకే డబ్బాలో వచ్చే వార్చిన శనగలు పడిన మనిషికి ఇంట్లో పప్పుచారు పడకపోవచ్చు. మొదటి దశలో కందికట్టు చారు, సాంబారు పక్కన పెట్టండి. మిరియాలు, జీలకర్ర, ఇంగువతో వెల్లుల్లి లేకుండా చారు పెట్టుకోవచ్చు. పెసర మొలకలు చిన్న గిన్నెడు ఫర్వాలేదు, మొలకెత్తేటప్పుడు గింజే ఆ చక్కెరల్ని కొంత వాడుకుంటుంది.

ఇదే సూత్రం చికెన్ కూరకీ వర్తిస్తుంది. చికెన్‌లో ఫాడ్‌మ్యాప్ సున్నా, కానీ రెండు ఉల్లిపాయలు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి పేస్ట్ వేసి ముద్దకూర చేస్తే ప్రతి ముద్దలో ఫ్రక్టాన్లే. ఉల్లి ముక్కలు ఏరేసి తింటే సరిపోదు, ఎందుకంటే ఫ్రక్టాన్లు అప్పటికే గ్రేవీలోకి దిగిపోయాయి. ఇలా చేయండి: రెండు చెంచాల నూనెలో నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు చితక్కుండా పెద్ద ముక్కలుగా వేసి సన్న సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. రెబ్బలన్నీ తీసి పారేయండి, ఒక్క ముక్క కూడా ఉండకూడదు. టమాటా, నీళ్ళు ఏవైనా ఆ తర్వాతే వేయాలి. ముందే తడి తగిలితే ఫ్రక్టాన్లు కూరలోకి దిగుతాయి. వాసన నూనెలో ఉంటుంది, ఇబ్బంది చేసేది రెబ్బతో బయటికి పోతుంది. ఆ నూనె అప్పటికప్పుడే వాడేయండి, సీసాలో పోసి బయట నిలవ ఉంచొద్దు, వెల్లుల్లి నూనెలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన ఫుడ్ పాయిజనింగ్ రావచ్చు. ఆ నూనెలో ఇంగువ, అల్లం, ఉల్లికాడల ఆకుపచ్చ భాగం, ఒక టమాటా, ధనియాలు, మిరియాలు వేసి చికెన్ వండండి. ఉల్లికాడల తెల్లగడ్డ వద్దు. ప్యాకెట్ చికెన్ మసాలాల్లో చాలావాటిలో ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి ఉంటాయి, పొడి కాబట్టి తక్కువ అనుకోవద్దు, ఎండిపోయినందువల్ల ఇంకా చిక్కబడి ఉంటుంది. ఇంట్లో గరంమసాలా కొట్టుకోవడం మేలు. హాస్టల్లోనో పీజీలోనో ఉంటే ఇది కుదరదు. అప్పుడు ఉప్పు, పసుపు, మిరియాలు, నిమ్మరసం పట్టించి విడిగా వేయించిన చికెన్, ఉడికించిన గుడ్లు, తెల్లన్నం మీద ఆధారపడాలి, మెస్ కూర గ్రేవీ వద్దు.

మీ 72 కిలోలకి ఒక రోజు ఇలా వస్తుంది. పొద్దున మూడు గుడ్లు, పచ్చసొనతో సహా, ఉల్లికాడల ఆకుతో ఆమ్లెట్, రెండు జొన్నరొట్టెలు: గుడ్ల నుంచి 18 గ్రాములు. వ్యాయామం అయ్యాక నీళ్ళల్లో ఒక స్కూపు ఐసోలేట్, ఇంకా గట్టిగా ఉన్న అరటిపండు: 25. అరటిపండు మచ్చలు పడేంత పండితే ఫ్రక్టాన్లు పెరుగుతాయి, అందుకే గట్టిది. మధ్యాహ్నం అన్నం, పచ్చిగా తూచిన 150 గ్రాముల చికెన్, బీన్స్ లేదా క్యారెట్ వేపుడు: 33. సాయంత్రం బార్ బదులు గుప్పెడు, అంటే 28 గ్రాముల వేరుశనగలు: 7. రాత్రి అన్నం, 150 గ్రాముల చేప, పాలకూర లేదా వంకాయ ఒక చిన్న గిన్నె: 27. మొత్తం 110, అన్నం, రొట్టెల నుంచి మరో పది. 120కి వచ్చేశారు, ఎక్కడా బలవంతం లేదు. శనగలు, చపాతీ పోవడంతో పిండిపదార్థం తగ్గుతుంది, అందుకని అన్నం పూర్తిగా తినండి, కొలత పెంచండి. కెలోరీలు పడిపోతే రెండోవారానికల్లా బరువు, బలం రెండూ తగ్గి, ఆ తప్పు ప్రొటీన్ మీద పడుతుంది. గుడ్డూ మాంసం తినని వాళ్ళకి ఈ లెక్క కష్టమే కానీ అసాధ్యం కాదు: రెండు స్కూపుల ఐసోలేట్, లాక్టోజ్‌ఫ్రీ పాలు, బాగా పిండిన గట్టి పనీర్ చిన్న మోతాదులో, గట్టి టోఫు. ఇందులో 115 ఒత్తిడి లేకుండా రాదు, 95 నుంచి 100 దగ్గర ఆగినా మొదటి దశ నాలుగు వారాలే కాబట్టి కండకి ముప్పు లేదు.

ఈ ప్లాన్ మొదలుపెట్టాక కొందరికి లూజ్ మోషన్ ఆగి, మలబద్ధకం వస్తుంది. శనగలు, గోధుమ, కొన్ని పండ్లు పోవడంతో పీచు తగ్గడమే దానికి కారణం. ఈసబ్‌గోల్ ఇక్కడ బాగా పనికొస్తుంది, పులిసేది తక్కువ కాబట్టి గ్యాస్ తక్కువ చేస్తుంది. రోజుకి ఒక చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్ళతో, వారానికి ఒక చెంచా చొప్పున రెండు మూడు చెంచాల దాకా వెళ్ళండి. గోధుమ తవుడు వద్దు, అది పొట్టని మళ్ళీ రేపుతుంది.

ఏది ఇబ్బంది పెడుతోందో సమయాన్ని బట్టి కొంత ఊహించవచ్చు. పాలు, పాలియాల్స్ నీళ్ళు లాగేవి, కాబట్టి కడుపులో గుడగుడలు, లూజ్ మోషన్ గంట, రెండు గంటల్లో కనిపించవచ్చు. శనగలు, ఉల్లి, గోధుమ పెద్దపేగుకి చేరి పులవాలి, ఉబ్బరం నాలుగు గంటలకో, ఆ పైనో. మధ్యాహ్నం తిన్న చికెన్ గ్రేవీకి సాయంత్రం షేక్ మీద నింద పడేది అందుకే. తిన్న పావుగంటలోనే బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వస్తే అది ఆ తిండిలోని ఫాడ్‌మ్యాప్ కాదు. కడుపు నిండగానే పెద్దపేగు కదలడం సహజమైన రిఫ్లెక్స్, ఐబీఎస్‌లో అది బలంగా ఉంటుంది. దానికి మందు తిండి మార్చడం కాదు, ఒకే పూట 60 గ్రాముల ప్రొటీన్ కూరకుండా నాలుగైదు చిన్న పూటలుగా పంచడం. ఇంకో చిక్కు, ఫాడ్‌మ్యాప్ తక్కువున్న సరుకులు నాలుగు ఒకే పూట కలిపితే కొంచెం కొంచెంగా కూడి మళ్ళీ ఎక్కువవుతాయి. పూటకీ పూటకీ మూడు గంటలు ఇవ్వండి. సరుకుల మోతాదుల కోసం మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీవాళ్ళ యాప్ చూడండి, ఈ డైట్‌ని తయారుచేసింది అక్కడి పరిశోధకులే, ప్రయోగశాలలో కొలిచిన విలువలు అందులో ఉంటాయి. ఇంటర్నెట్‌లో తిరిగే పాత పట్టికల మీద మాత్రం ఆధారపడకండి, మోతాదు లేకుండా తినొచ్చు, తినకూడదు అని రెండు కాలమ్‌లుగా రాసిన పట్టిక దాదాపు పనికిరాదు. పది బాదంపప్పులు పడతాయి, ఇరవై పడవు, విషయం ఇలా ఉంటుంది.

ఫాడ్‌మ్యాప్ కానివి కూడా జిమ్ డబ్బాల్లో ఉన్నాయి. క్రియాటిన్ లోడింగ్ అని రోజుకి 20 గ్రాములు వేస్తే అదే నీళ్ళు లాగి విరేచనం చేస్తుంది. లోడింగ్ మానేసి రోజుకి 3 గ్రాములు భోజనంతో తీసుకుంటే నాలుగు వారాల్లో కండరాలు నిండుతాయి. ప్రీవర్కౌట్‌లోని కెఫీన్ పెద్దపేగుని కదిలిస్తుంది. కారం కూడా అంతే. మిరప కారం ఫాడ్‌మ్యాప్ కాదు, కానీ క్యాప్సైసిన్ పేగు నొప్పి తెలిపే నరాల్నే తాకుతుంది. గుంటూరు కారంతో చేసిన లో ఫాడ్‌మ్యాప్ కూర తిని డైట్ పనిచేయలేదనుకునేవాళ్ళున్నారు. మొదటి నెల సగం కారంతో తినండి. మరోమాట, ఎక్కువ ప్రొటీన్ తింటే వచ్చే కంపు గ్యాస్ వేరు, అది పెద్దపేగుకి చేరిన ప్రొటీన్‌లోని గంధకం వల్ల. ఉబ్బరం, నొప్పి లేకుండా వాసన మాత్రమే ఉంటే డైట్ మార్చాల్సిన పనిలేదు.

నాలుగు వారాల్లో తేడా కనిపిస్తే, మానేసినవి మళ్ళీ తినడం మొదలుపెట్టండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, బాగుంది కదా అని ఏళ్ళ తరబడి ఇలాగే తింటారు. అది తప్పు, పేగులోని మంచి బ్యాక్టీరియాకి ఈ చక్కెరలే ఆహారం. మీకు ముందు పరీక్షించాల్సింది పాలు, ఎందుకంటే అవి చవకైన ప్రొటీన్. మిగతా తిండి, వ్యాయామం ఏమీ మార్చకుండా మొదటి రోజు అరకప్పు కంటే తక్కువ, 60 మిల్లీలీటర్లు. రెండో రోజు 120, మూడో రోజు పావు లీటరు. ఏ రోజు ఇబ్బంది వచ్చినా అక్కడ ఆపి, మోతాదు రాసుకోండి. మూడు రోజులు ఖాళీ ఇచ్చి, తర్వాత నానబెట్టి వార్చిన శనగలు: రెండు చెంచాలు, పావు కప్పు, అరకప్పు. తర్వాత గోధుమ, తర్వాత వెల్లుల్లి, చివర ఉల్లి. ఉల్లీ వెల్లుల్లీ రెండూ ఫ్రక్టాన్లే అయినా విడివిడిగా చూడండి, ఒకటి పడి ఒకటి పడనివాళ్ళున్నారు. కాళ్ళ వ్యాయామం గట్టిగా చేసే రోజు, పరీక్షలో, ఆఫీసు పనిలో ఒత్తిడి ఉన్న రోజు టెస్ట్ పెట్టుకోవద్దు, ఫలితం నమ్మలేం. శనగలు పావు కప్పు పడ్డాయంటే మీ సాధారణ తిండిలోకి ఆ పావు కప్పు వచ్చేసినట్టే.

గోధుమ మానేయకముందే ఒక పని: డాక్టర్ని అడిగి, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కోసం టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష చేయించుకోండి, ఇప్పటికే చేయించి ఉంటే సరే. గోధుమ ఆపాక చేస్తే ఆ పరీక్ష తప్పు చూపించవచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్ర లేపే విరేచనాలు, ఇంట్లో దగ్గరివాళ్ళకి పెద్దపేగు క్యాన్సరో, పేగు వాపు జబ్బో ఉండడం, వీటిలో ఏది ఉన్నా డైట్ తర్వాత, ముందు గ్యాస్ట్రో దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. కిడ్నీ జబ్బు ఉంటే 120 గ్రాముల లెక్క కూడా మీకు వర్తించదు. ఇక శ్రద్ధగా ఆరు వారాలు చేసినా రవ్వంత తేడా లేకపోతే మీకు ఫాడ్‌మ్యాప్ కారణం కాదని అర్థం. అప్పుడు దాన్ని లాగొద్దు. అన్నీ మళ్ళీ తినేయండి, క్రియాటిన్, కెఫీన్, కారం, ఒకేసారి తినే మోతాదు ఒక్కొక్కటిగా మార్చి చూడండి, డాక్టర్‌తో మందుల గురించి మాట్లాడండి.